ఒకే మేడమ్‌కు రెండు విన్నపాలు

నా ముందు రెండు ఈమెయిళ్ల ప్రింట్లు ఉన్నాయి. రెండూ ఒకే మేడమ్‌కు వచ్చినవి. నారాయణగూడ వైపు ఒక కాలేజీలో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ పిల్లలకు ఏళ్ల తరబడి పాఠం చెప్పి రిటైరైన ఆవిడ. రాసినవాళ్లు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఒకే బ్యాచ్. ఇద్దరూ అమెరికాలో చదవడానికి అప్లై చేస్తున్నారు, ఇద్దరికీ ఆవిడ ఎల్‌వోఆర్ కావాలి. పేర్లు కొట్టేసి, "చదివి చూడండి, మీకు సాహిత్యం కదా" అని నవ్వుతూ ఇచ్చారు. ఉత్తరాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఇక్కడ సారాంశం మాత్రమే చెబుతాను.

మొదటిది అబ్బాయిది. గౌరవనీయులైన మేడమ్ గారూ అని మొదలవుతుంది. ఆవిడ ఆయురారోగ్యాలతో ఉన్నారని నమ్ముతాడు. ఆవిడ లాంటి గురువు దొరకడం తన అదృష్టమంటాడు. ఆవిడ ఆశీస్సులతో పై చదువులకు వెళ్లాలనుకుంటున్నాడు. ఆవిడ విలువైన సమయం వృథా కాకూడదని లెటర్ తనే తయారుచేసి జతపరిచాడు, సంతకం చేసి పంపితే చాలు. శనివారంలోగా పంపితే జీవితాంతం రుణపడి ఉంటాడు. కింద `LOR_Final_2.docx` అని ఒక ఫైలు.

రెండోది అమ్మాయిది. నమస్తే మేడమ్ అని ఒక్క మాట, ఆ వెంటనే ఏ బ్యాచ్, ఏ రోల్ నంబరు, ఏ సెమిస్టర్లో ఏ పేపరు ఆవిడ దగ్గర చదివింది, ప్రాజెక్టు దేనిమీద చేసింది. తర్వాతి పేరా ఇది: "చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ రీడింగ్ హాల్లో సీటు కోసం ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్క కట్టాను. వచ్చేవాళ్ల సంఖ్యకు పాయిజాన్ సరిపోతుందని రాసుకొచ్చాను. పొద్దున గేటు తెరిచే వేళకు జనం గుంపుగా వస్తారు కదా, అప్పుడు పాయిజాన్ ఎలా నిలుస్తుందని మీరు వైవాకి ముందు అడిగారు. మళ్లీ వెళ్లి కూర్చుని లెక్కపెట్టాను. వేరియన్స్ సగటు కన్నా చాలా పైకి పోయింది. తెరిచే వేళను విడిగా తీసి మోడల్ మార్చాను." ఆ తర్వాత అసలు అడగడం: "నా గురించి రాయదగినంత మీకు తెలుసనిపిస్తేనే రాయండి. లేదంటే మొహమాటపడకుండా చెప్పండి, నేను వేరే వాళ్లను అడుగుతాను." మొదటి గడువు డిసెంబర్ 15, ఉత్తరం రాసింది అక్టోబర్ చివర్లో.

పైకి చూస్తే మర్యాద మొదటి దాంట్లోనే ఎక్కువ. మన దగ్గర గురువును అడిగే పద్ధతి అదే అని చాలామంది అంటారు. కానీ మేడమ్ మాట వేరు. మొదటిది చదివాక ఆవిడకు వచ్చిన మొదటి ప్రశ్న, "ఈ పిల్లవాడు ఎవరు?" అని. బ్యాచ్ లేదు, పేపరు లేదు. మేడమ్ పేరు తీసేసి ఇంకో మేడమ్ పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. బహుశా అలాగే మార్చి ఇంకో ఇద్దరికి పంపి ఉంటాడు, అమెరికా దరఖాస్తుకు మామూలుగా మూడు లెటర్లు అడుగుతారు కదా. గౌరవం నిండా ఉన్న ఆ ఉత్తరంలో గౌరవం అందుకోవలసిన మనిషి మాత్రం లేదు.

రెండో దాంట్లో పొగడ్త లేదు. కానీ మేడమ్ అడిగిన ఒక ప్రశ్న ఉంది. రెండేళ్ల కింద తను అడిగి మరిచిపోయిన ప్రశ్నను ఒక విద్యార్థి గుర్తుపెట్టుకుని, దాంతో ఏం చేసిందో కూడా చెబితే, అంతకన్నా పెద్ద దండం ఏముంటుంది? ఆ పేరా చదవగానే ఆవిడకు పిల్ల మొహం గుర్తొచ్చిందట, లైబ్రరీ వరండాలో నోట్‌బుక్ పట్టుకుని లెక్కపెడుతుంటే గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు "మేడమ్, సర్వేనా? నోటిఫికేషన్ ఎప్పుడు?" అని చుట్టుముట్టారని ఆ పిల్ల చెప్పిన కబురుతో సహా. అశోక్‌నగర్ కోచింగుల జనమంతా చేరే ఆ హాల్లో సీటుకు ఎంత గిరాకీయో ఈ పేటవాళ్లకు చెప్పనక్కర్లేదు. లెటర్‌లో ఏం రాయాలో మేడమ్‌కు అక్కడే దొరికింది.

ఇప్పుడు ఆ జతపరిచిన డ్రాఫ్టు సంగతి. ఈ అలవాటు ఎలా పుట్టిందో కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే అబ్బాయికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. లెటర్లు కాగితం మీద వెళ్లిన రోజుల్లో పని మొత్తం విద్యార్థిదే. డిపార్టుమెంటులో టైపు చేసిపెట్టే మనిషి ఉండడు. పిల్లలే చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో డీటీపీ సెంటర్లో కొట్టించుకుని, కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రింటు తీయించి, యూనివర్సిటీకి ఒకటి చొప్పున కవర్లు పట్టుకుని స్టాఫ్‌రూమ్ బయట నిలబడేవాళ్లు. సారు సంతకం పెట్టి, స్టాంపు వేసి, కవరు అంటించి, అంటించిన చోట మళ్లీ అడ్డంగా సంతకం చేసేవారు. ఆ రెండో సంతకానికి అర్థం, లోపల ఉన్నది విద్యార్థి చూడలేదని. కొట్టించుకొచ్చింది ఆ విద్యార్థే! కాగితం పోయింది, కవరు పోయింది, "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" మాత్రం మిగిలింది. క్లాసులో అరవైమంది, ఒక్కొక్కరికి అరడజను యూనివర్సిటీలు ఉన్నచోట ఆ మాట అనే సార్లను నేను తేలిగ్గా తప్పు పట్టలేను. మేడమ్ కూడా ఒకప్పుడు అన్నవారే.

కానీ ఇప్పటి పద్ధతిలో ఆ అలవాటు ఎక్కడ బెడిసికొడుతుందో చూడండి. దరఖాస్తు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ లెటర్‌ను తర్వాత చూసే హక్కును మీరు వదులుకుంటున్నారా? 1974 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది, ఫెర్పా అంటారు. యూనివర్సిటీలో చేరాక విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కు ఇస్తుంది. ఆ హక్కు వదులుకుంటే లెటర్ రాసేవాళ్లు నిర్మొహమాటంగా రాస్తారని, కాబట్టి ఆ లెటర్‌కు విలువ ఎక్కువని చదివేవాళ్ల లెక్క. వదులుకున్నారో లేదో రాసేవాళ్లకూ తెలుస్తుంది. మన పిల్లల్లో కొందరు హక్కు పోగొట్టుకోవడం ఎందుకులే అని "వదులుకోను" అని టిక్కు పెడతారు. అబ్బాయి ఒక యూనివర్సిటీకి అలాగే పెట్టాడు. మిగతావాటికి వదులుకున్నానని పెట్టాడు. వదులుకున్నానన్న చోట సంగతి చూడండి. తను రాసిన లెటర్‌ను తను చూడనని సంతకం చేస్తున్నాడు.

అమ్మాయి ఉత్తరంలో దీనికి ఒక్క వాక్యం ఉంది: "చూసే హక్కు వదులుకున్నాను, మీరు ఏం రాసినా నాకు కనపడదు." వినడానికి ఫారం భాషలా ఉంటుంది గాని, మేడమ్‌కు అది పెద్ద వెసులుబాటు. బాగా లేనిది కూడా రాసుకోవచ్చన్నమాట.

డ్రాఫ్టు లోపల ఏముందో కూడా చూశాను. కష్టపడే తత్వం, చిత్తశుద్ధి, నాయకత్వ లక్షణాలు, జట్టుగా పనిచేసే నేర్పు. ఒక్క విశేషణానికీ కింద ఒక్క సంఘటన లేదు. మూడో పేరాలో అతను హఠాత్తుగా "ఆమె" అయిపోయాడు. ఎవరో అక్కకు కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన నమూనా అయ్యుంటుంది. నాలుగో పేరాలో "నా బోధనానుభవంలో చూసిన తొలి 5 శాతం విద్యార్థుల్లో ఒకడు" అని ఉంది. అన్నిటికన్నా ప్రమాదం ఆ వాక్యమే. మార్కుల మెమో దరఖాస్తుతో పాటే వెళుతుంది, దాంట్లో అతని మార్కులు మధ్యరకంగా ఉన్నాయి. చదివే కమిటీ ముందు రెండు కాగితాలూ పక్కపక్కనే ఉంటాయి. ఆ ఒక్క వాక్యంతో లెటర్‌లో మిగతావన్నీ కూడా నమ్మదగనివి అయిపోతాయి. పైగా మూడు లెటర్లూ ఒకే చేతి రాత అయితే పదాల ఎంపికా, వాక్యాల నడకా ఒకేలా ఉంటాయి. రోజంతా అవే చదివేవాళ్లకు అది పసిగట్టడం కష్టం కాదు.

పొట్టిగా రాసినా పనిచేసిన లెటర్లు లేవా అంటే ఉన్నాయి. 1948లో రిచర్డ్ డఫిన్ అనే ప్రొఫెసర్, కార్నెగీలో తన శిష్యుడు జాన్ నాష్ కోసం ప్రిన్స్‌టన్‌కు రాసిన లెటర్ మూడే వాక్యాలు. కుర్రవాడి వయసు 19 అని చెప్పి, గణితంలో మేధావి అని తేల్చేశారు. ఇది మన పిల్లలకు చాలామంది చెప్పే ముచ్చటే, కానీ చెప్పేవాళ్లు ఒకటి వదిలేస్తారు. ఆ ఉత్తరం అందుకునేవాళ్లకు రాసినాయన ఎవరో తెలుసు, ఆయన మాట బరువు తెలుసు. నారాయణగూడ కాలేజీ మేడమ్ పేరు అయోవాలోనో అరిజోనాలోనో కూర్చున్న కమిటీకి తెలియదు. తెలియని మనిషి "మేధావి" అంటే అది ఉత్త మాట. తెలియని మనిషి "గేటు తెరిచే వేళ పాయిజాన్ నిలవదని గుర్తించి మోడల్ మార్చింది" అంటే కమిటీలో ఉన్న స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ తల ఊపుతాడు. ఆ వాక్యానికి సంతకం ఎవరిదన్నది అంత పట్టింపు ఉండదు. చిన్న కాలేజీ పిల్లలకు సంఘటన ఎందుకు అవసరమో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

అయితే రెండో ఉత్తరాన్ని నెత్తిన పెట్టుకోవాలని కాదు. దాంట్లో నాకు నచ్చని వాక్యం ఒకటుంది. "నా పట్టుదల గురించి, స్వతంత్రంగా ఆలోచించడం గురించి రాస్తే బాగుంటుంది మేడమ్" అని చివర్లో. పైన లైబ్రరీ కథ చెప్పాక ఈ మాట ఎందుకు? ఆ కథ చదివినవాళ్లకు పట్టుదల కనపడదా? సగం డ్రాఫ్టు రాసిచ్చినట్టే ఇది, మర్యాదగా చెప్పిందంతే. మొదటి ఉత్తరానికీ దీనికీ ఉన్న దూరం అక్కడ కొంచెం తగ్గింది. మేడమ్ మాత్రం ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు, "భయంతో రాసి ఉంటుంది పాపం" అన్నారు.

ఇంకో వాక్యం మీద మా ఇద్దరికీ వాదన జరిగింది. మూడో సెమిస్టర్లో ఒక పేపర్లో తక్కువ మార్కులొచ్చాయని, అప్పుడు ఇంట్లో నాన్నగారి ఆపరేషన్ అని, అది ఎస్‌ఓపీలో రాయలేదని అమ్మాయి చెప్పింది. ఇది అడుక్కోవడంలా ఉందేమో అన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. "మెమోలో ఎలాగూ కనిపిస్తుంది. తను చెప్పుకుంటే సాకు అంటారు. నేను చెబితే సమాచారం అవుతుంది. ఆ సెమిస్టర్లో క్లాసుకు ఎన్ని రోజులు రాలేదో నాకు తెలుసు కదా" అన్నారు. దీంట్లో ఆవిడదే పైచేయి. దరఖాస్తులో ఇంకెక్కడా చోటు లేని విషయాలకు ఎల్‌వోఆర్ చోటు ఇస్తుందని ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో గాని, సరిగ్గా చెప్పారు.

ఆచరణకు సంబంధించిన తేడా ఇంకొకటుంది, అది సాహిత్య విమర్శకు లొంగదు గాని దరఖాస్తు బతకడం దానిమీదే ఆధారపడుతుంది. విద్యార్థి ఫారంలో ప్రొఫెసర్ ఈమెయిల్ ఇస్తే యూనివర్సిటీ నుంచి నేరుగా ఆ అడ్రసుకు లింకు వెళుతుంది. కాలేజీ పేరుతో ఉన్న ఈమెయిల్ అయితే మంచిదని అందరికీ తెలుసు. అబ్బాయి పాత నోటీసు ఎక్కడో చూసి మేడమ్ కాలేజీ ఈమెయిల్ పెట్టేశాడు. ఆవిడ రిటైరయ్యాక అది మూతపడింది. లింకు వెళ్లింది, అందలేదు, ఇద్దరికీ తెలియలేదు. విద్యార్థి అకౌంటులో లెటర్ల పేజీ తెరిస్తే పంపారా, వచ్చిందా అన్నది కనిపిస్తుంది. వారం దాటినా "పంపాం" దగ్గరే ఆగి ఉంటే అనుమానపడాలి. అమ్మాయి మాత్రం ముందే అడిగింది: "లింకు ఏ ఈమెయిల్‌కు పంపమంటారు? మీ హోదా ఎలా రాయమంటారు?" మేడమ్ తన జీమెయిల్ ఇచ్చారు. కాలేజీ లెటర్‌హెడ్ వాడకుండా మామూలు కాగితం మీదే, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా అక్కడ పనిచేశానని మొదటి పేరాలోనే రాశారు. రిటైరైన మనిషి లెటర్‌హెడ్ వాడితే అదొక తలనొప్పి.

అమ్మాయి పంపిన జతలు మూడు: మార్కుల మెమో, ప్రాజెక్టు రిపోర్టు, ఒకే పేజీలో నాలుగు యూనివర్సిటీల పేర్లూ, కోర్సులూ, గడువులూ. డ్రాఫ్టు లేదు. డిసెంబర్ మొదటివారంలో ఒక్కసారి గుర్తుచేసింది, లింకు స్పామ్‌లో పడి ఉండొచ్చు చూడండని. నిజంగానే రెండు లింకులు స్పామ్‌లోనే ఉన్నాయి.

ఇప్పుడు అబ్బాయి దగ్గరికి మళ్లీ వెళదాం, ఎందుకంటే పోలిక ఇక్కడే ఆపేస్తే అతను చేతకానివాడని తేలిపోతుంది, అది నిజం కాదు. మేడమ్ అతనికి ఫోన్ చేశారు. డ్రాఫ్టు మీద సంతకం పెట్టనని చెప్పి, "నా దగ్గర నువ్వు చేసిన పని ఏదైనా ఒకటి చెప్పు నాన్నా" అని అడిగారు. కాసేపు ఏమీ లేదన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా ల్యాబ్ సంగతి తీశాడు. ల్యాబ్‌లో సిస్టమ్‌లు పాతవి, ఇంటర్నెట్ సరిగా లేదు, ఆర్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దిగేవి కావు. ఇతను ఇంట్లో ప్యాకేజీలు, వాటికి ఆధారమైన ఫైళ్లతో సహా పెన్‌డ్రైవ్‌లో దింపుకొచ్చి, ఒక్కో సిస్టమ్‌లో వేసి, ఎలా వేయాలో రెండు పేజీలు రాసి గోడకు అంటించాడు. తర్వాతి బ్యాచ్ కూడా ఆ రెండు పేజీలే వాడింది. ఆ కాగితం మేడమ్‌కు బాగా గుర్తు, అంటించింది ఎవరో మాత్రం అప్పటిదాకా తెలియదు.

ఆ డ్రాఫ్టులోని నాయకత్వం, చిత్తశుద్ధి, జట్టుతనం అన్నీ ఆ గోడ కాగితంలో ఉన్నాయి. అతనికి అది చెప్పుకోదగ్గ పనిగా తోచలేదంతే. మార్కులు తప్ప ఇంకేదీ లెక్కలోకి రాదని పదిహేడేళ్లు నేర్పిన చదువు తర్వాత తోచకపోవడంలో వింత లేదు. అందుకే ఆ ఉత్తరాన్ని చెడ్డ ఉత్తరం అనడం కన్నా ఖాళీ ఉత్తరం అంటాను. రాయవలసింది అతని దగ్గర ఉంది, ఉత్తరంలో లేదు.

ఇదే విషయంతో అతను మొదటే రాసి ఉంటే ఇలా ఉండేది: "నమస్తే మేడమ్. ఫలానా బ్యాచ్, వెనక బెంచీలో కూర్చునేవాణ్ని, మీకు మొహం గుర్తుండకపోవచ్చు. ల్యాబ్‌లో ఆర్ ప్యాకేజీలు వేసి గోడకు కాగితం అంటించింది నేనే. నా మార్కులు మధ్యరకం, మెమో పంపుతున్నాను. డేటా సైన్స్ వైపు వెళ్లాలనుకుంటున్నాను. ల్యాబ్‌లో చూసినంతవరకు మీరు రాయగలిగితే చాలు." అయిదు వరుసలు. జీవితాంతం రుణపడి ఉంటాననడం కన్నా దీంట్లోనే వినయం ఎక్కువ ఉంది. రాసేవాళ్లకు దారీ ఉంది, కాదనడానికి చోటూ ఉంది.

మేడమ్ అతనికి లెటర్ రాశారు, తక్కువ యూనివర్సిటీలకు. క్లాసులో అతన్ని దగ్గరగా చూడలేదని, ల్యాబ్‌లో చూసింది మాత్రం చెబుతున్నానని మొదటి వాక్యంలోనే ఒప్పుకుని, గోడ కాగితం గురించి ఒక పేరా రాశారు. లెటర్‌తో పాటు నింపాల్సిన పట్టిక ఒకటుంటుంది: పరిశోధన సామర్థ్యం, రాత, మౌఖిక వ్యక్తీకరణ, ఇలా ఒక్కోదానికి తొలి 5 శాతమా, 10 శాతమా, 25 శాతమా అని. చివరి గడిలో "చెప్పగలిగినంత తెలియదు" అని ఉంటుంది. ఆవిడ అతని పట్టికలో చాలా వరుసలకు ఆ చివరి గడిలోనే టిక్కు పెట్టారు. పెట్టే ముందు ఫోన్ చేసి అతనికి చెప్పారు, "ఇలా ఉంటుంది నాన్నా, నీకు ఇష్టమైతేనే పంపుతా, లేకపోతే ప్రాజెక్టు గైడ్‌ను అడుగు" అని. అతను ఒక రాత్రి ఆలోచించుకుని రెండు యూనివర్సిటీలకు పంపమన్నాడు, మూడోదానికి గైడ్ సారును అడిగాడు. ఈసారి డ్రాఫ్టు జతపరచలేదు.